గల్ఫ్ నుంచి లీవు మీద ఇంటికొచ్చినంక "లేవట్లేదు" అనే భయం ఉంటే ఏం చెయ్యాలె

నేను మొదటిసారి లీవు మీద వచ్చింది 2013ల, షార్జాల 26 నెలలు షట్టరింగ్ పని చేసినంక. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు మావోళ్ళు బండి మాట్లాడుకొని ఎనిమిది మంది వచ్చిండ్రు, జగిత్యాల దాటి మా ఊరు చేరేసరికి తెల్లారింది, పగలంత చుట్టాలు, బ్యాగులు ఇప్పుడు, ఎవరికి సెంటు బాటిల్ ఎవరికి ఖర్జూరం ఎవరికి టైగర్ బామ్ అని పంచుడు, పొద్దుమీకినంక దోస్తులతోని మందు, పదకొండింటికి రూంలకు పోతే నా భార్య కొత్త చీర కట్టుకొని కూసుంది, మా బిడ్డ మంచం నడుమ పండుకుంది. 26 నెలలు రోజూ తలుసుకున్న రాత్రి అది. ఏం కాలే. అంగం గట్టిపడనే లేదు, ఒకసారి కొంచెం లేచింది, దిగకముందే కానియ్యాలె అని తొందరపడ్డ, అంతే, పత్తా లేదు. తెల్లారి మల్ల అదే, ఆ తెల్లారి ఇంకా ఘోరం. 45 రోజుల లీవుల మేము సరిగ్గ కలిసింది మూడు సార్లో నాలుగు సార్లో. ఆ లీవులనే ఒక లాడ్జి రూంల కూసునే డాక్టర్ దగ్గర నరాల బలహీనత అని 18 వేల పొడులు కొన్న, అది వేరే కథ, కిందికి చెప్త.

రెండో లీవుల హైదరాబాద్‌ల ఒక సైకియాట్రిస్ట్‌ను కలిసిన. ఆయన మందు రాయలే, ఒక పద్ధతి చెప్పిండు. అది మాకు పనిచేసింది, నేను మళ్ళ పోయినంక మా క్యాంపుల కొందరికి చెప్పిన, వాళ్ళల్ల ఎక్కువ మందికి పనిచేసింది. గదే ఇక్కడ రాస్తున్న, వరుసగ. నేను డాక్టర్‌ను కాను, డాక్టర్ దగ్గరికి పోవాల్సింది ఎప్పుడో గూడ రాసిన, అది దాటేసి చదవొద్దు.

ముందుగాల: ఎందుకైతదో తెల్సుకోవాలె

అంగం గట్టిపడాలంటే అక్కడి రక్తనాళాలు వదులై రక్తం నిండాలె. ఆ వదులు చేసే నరాలు మనం నిమ్మళంగ ఉన్నప్పుడే పనిచేస్తయి. భయం పుట్టిందంటే ఒంట్ల అడ్రినలిన్ దిగుతది, అది రక్తాన్ని కాళ్ళకు చేతులకు పంపి అక్కడి నాళాలను బిగించేస్తది. మా డాక్టర్ అన్న మాట, "కుక్క తరుముతుంటే ఎవనికన్నా లేస్తదా, నిన్ను లోపల కుక్క తరుముతుంది". ఆ కుక్క ఏందంటే "ఇయ్యాల కావాలె, కాకపోతే ఎట్ల" అనే ఆలోచన. రెండేండ్లు ఎదురుచూసిన, 45 రోజులే ఉన్న, ఆమె గూడ ఎదురుచూస్తుంది, ఇవన్ని కల్సి ఆ మొదటి రాత్రిని పరీక్ష లెక్క చేస్తయి. అప్పుడు మనిషి భార్య మీద ధ్యాస పెట్టడు, తన అంగం మీద పెడ్తడు, లేచిందా, ఎంత లేచింది, దిగుతుందా అని మినిట్ మినిట్‌కు లోపల చెక్ చేస్కుంటడు. గా చెకింగే దింపేస్తది. ఒకసారి దిగిందంటే రేపటి రాత్రికి భయం డబుల్.

దీనికి తోడు క్యాంపు అలవాటు ఒకటి ఉంటది. ఎనిమిది మంది రూంల, కింద మీద మంచాలు, అడ్డంగ ఒక బెడ్‌షీట్ కట్టుకొని, లేకుంటే బాత్రూంల, బయట నలుగురు తలుపు కొడుతుంటే, రెండు మినిట్లల్ల గట్టిగ పిడికిలి బిగించి కానిచ్చుకునుడు. హస్తప్రయోగం తప్పు కాదు, దాంతోని నరాలు పోవు, వీర్యం పోతే బలం పోదు, ఒక్క చుక్క వీర్యానికి ఇన్ని చుక్కల రక్తం అనే లెక్క శుద్ధ అబద్ధం. కాని రెండేండ్లు అదే తీరుగ, అంత స్పీడుగ, అంత గట్టిగ, ఫోన్ల వీడియో చూసుకుంట చేస్తే ఒళ్ళు దానికే అలవాటు పడుతది. ఇంటికొస్తే భార్య పిడికిలి కాదు కద. అందుకే కొందరికి లేచినా లోపల పెట్టంగనే పల్చబడ్డట్టు ఐతది, ఇంకొందరికి పెట్టకముందే అయిపోతది.

ఒంటి లోపమా, మనసు భయమా: టికెట్ బుక్ అయినంక రెండు వారాలు చూసుకోవాలె

ఆరోగ్యంగ ఉన్న మగవాళ్ళకు నిద్రల రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు దానంతట అదే గట్టిపడుతది, ఆఖరుది మనం లేచే టైంకు ఉంటే పొద్దుగాల తెలుస్తది. క్యాంపుల ఉన్నప్పుడే ఒక రెండు వారాలు పొద్దుగాల లేవంగనే గమనించుర్రి. నైట్ డ్యూటీ వాళ్ళైతే పగలు పండుకొని లేచినప్పుడు. వారంల మూడు నాలుగు సార్లు గట్టిగ ఉన్నట్టు కనబడ్డా, ఒక్కరే ఉన్నప్పుడు చేత్తో చేసుకుంటే మంచిగ గట్టిపడుతున్నా, మిషన్ కరెక్టే ఉన్నది, తంట మనసుదే అనుకోవచ్చు. రోజూ కనబడాలె అని లేదు, నిద్ర సరిగ్గ లేని రోజు కనబడదు, దానికి గాబరా పడొద్దు.

అట్ల కాకుండ, ఒక ఏడాది నుంచి మెల్లమెల్లగ తగ్గుకుంట వచ్చి, పొద్దుగాల లేవుడు పూరాగ బంద్ అయ్యి, ఒక్కరే చేసుకున్నా సగమే లేస్తే, అది భయంతోని వచ్చింది కాకపోవచ్చు. షుగరు, బీపీ, సిగరెట్టు, కొలెస్ట్రాల్, వీటితోని నాళాలు పాడైతయి. అంగం నాళాలు గుండె నాళాల కన్న సన్నం, అందుకే గుండెకు రావాల్సిన జబ్బు కొందరికి ముందు ఇక్కడ కనబడుతది. 40 దాటినోళ్ళు ఇది ఇంకా సీరియస్‌గ తీసుకోవాలె. ఫాస్టింగ్ షుగరు 126 గని అంతకు మించి గని వచ్చినా, మూడు నెలల షుగరు టెస్టు 6.5 గని అంతకు మించి గని వచ్చినా షుగరు ఉన్నట్టే, అప్పుడు నేను రాసిన ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు, ముందు దానికి మందు వాడాలె. గల్ఫ్ పోయేటప్పుడు మెడికల్ ఫిట్ వచ్చింది కదా అని ధీమాగ ఉండొద్దు, అది నాలుగేండ్ల కిందటిది అయి ఉంటది.

క్యాంపుల ఆఖరు నెల

చేత్తో చేసుకునే తీరు మార్చుర్రి. పిడికిలి వదులుగ, మెల్లగ, ఫోన్ పక్కన పెట్టి, భార్యను తలుసుకొని, టైం దొరికిన రోజే. రూం ఖాళీగ ఉండేది శుక్రవారమో, మీ సెలవు ఏ రోజైతే ఆ రోజు. మధ్యల ఆపేసి దిగనిచ్చి మల్ల మొదలుపెట్టుడు గూడ ప్రాక్టీస్ చెయ్యుర్రి, ఈ ముక్క ఎందుకో ముందటికి తెలుస్తది. ఆఖరు పది రోజులు అస్సలు ముట్టుకోకుండ దాచిపెట్టుకుంటే ఇంటికాడ బలంగ ఉంటదని మా రూంల చాలమంది అనుకునేటోళ్ళు, దాంతోని అయ్యేది ఏందంటే రెండు నిమిషాలకే అయిపోవుడు, అంతే.

ఇంక అన్నిటికన్న ముఖ్యమైంది ఫోన్ల ముందే మాట్లాడుకునుడు. ఇది చెప్తే అందరు నవ్వుతరు, "గివి ఫోన్ల ఎట్ల చెప్తర్రా" అని. ఐఎంఓల రోజూ మాట్లాడుతరు, కాని దేని గురించి, అప్పు వడ్డీ, పిల్లల ఫీజు, బోరు, అమ్మ కాళ్ళ నొప్పి. భార్య పక్కన అత్తమ్మ ఉంటది, మీ పక్కన ఏడుగురు ఉంటరు. అందుకే ఒకరోజు క్యాంపు గేటు బయటికి నడుసుకుంట పోయి, ఆమెను గూడ డాబా మీదికి పొమ్మని చెప్పి, మాట్లాడుర్రి. ఇంత చెప్తే చాలు: "నేనొచ్చినంక మొదటి వారం మనం తొందరపడొద్దు. చానా రోజులైంది, ఇద్దరికి కొత్తగనే ఉంటది. ఓ వారం ఊకె పక్కన పండుకుందాం, ముచ్చట పెట్టుకుందాం, ఆ పని వద్దు. ఒకవేళ నాకు లేవకపోతే నువ్వేదో అనుకోవద్దు, అది అలసటతోని భయంతోని అయ్యేది."

ఆఖరు వాక్యం ఎందుకంత అవసరమో నాకు నా భార్య తర్వాత చెప్పింది. మొదటి లీవుల నాకు లేవకపోతే ఆమె రెండు అనుకుందట. ఒకటి, అక్కడ ఎవరితోనో ఉంటుండు, నా మీద మనసు పోయింది. రెండు, బిడ్డ పుట్టినంక నేను లావైన, అందుకే. నేనేమో నా మొగతనం పోయింది, ఈమె నన్ను తక్కువ చూస్తుంది అనుకుంటున్న. ఇద్దరం ఒకే మంచం మీద ఇట్ల ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంట గోడ దిక్కు తిరిగి పండుకున్నం. ఆమె అట్ల అనుకొని ముడుచుకుంటే మనకు ఇంకా భయం, మనం దూరం జరిగితే ఆమెకు ఇంకా అనుమానం. ముందే ఒక మాట చెప్పి ఉంటే సగం తంట అక్కడనే తెగిపోవు.

ఇంటికి చేరిన రోజు

ఆ రోజు ఏం పెట్టుకోవద్దు, పక్కాగ. ప్రయాణం అలసట, రాత్రి నిద్ర లేదు, పగలంత జనం. దోస్తులు మందు పార్టీ అంటే మూడు నాలుగు రోజులు ఆగుమని చెప్పుర్రి, మందు కోరిక పెంచినట్టు అనిపిస్తది గని అంగం గట్టిపడుడు తగ్గిస్తది, నేను ఆ రాత్రి తాగిపోయింది ధైర్యం కోసమే, అదే కొంప ముంచింది.

రూం సంగతి గూడ చూసుకోవాలె. రెండేండ్లు పిల్లలు తల్లి పక్కన పండుకొని అలవాటైనోళ్ళు, నాన్న అంటే ఫోన్ల బొమ్మ వాళ్ళకు. వచ్చిన రాత్రే పిల్లను లేపి నానమ్మ దగ్గర వేస్తే ఏడుస్తది, ఆ ఏడుపు వినుకుంట ఇద్దరు ఏం చేస్తరు, పైగ ఇంటిల్లపాదికి ఎందుకో తెలుస్తది, సిగ్గు. మీరు రాకముందు ఒక పది పదిహేను రోజుల నుంచే భార్య పిల్లను వారంల రెండు మూడు రాత్రులు నానమ్మ దగ్గర పండబెట్టి అలవాటు చేస్తే మీరొచ్చేసరికి అది మామూలైపోతది. తలుపుకు గొళ్ళెం సరిగ్గ పడుతుందా చూసుకోర్రి, నవ్వకుర్రి, గొళ్ళెం పడని తలుపు దిక్కు చూసుకుంట ఉంటే ధ్యాస ఎట్ల నిలబడుతది. ఇల్లు ఒక్కటే రూం అయితే చుట్టాలింటికనో దేవునికనో వేములవాడ, ధర్మపురి దిక్కు ఇద్దరే పోయి ఒక రాత్రి ఉండుడు మా దిక్కు చాలమంది చేసేదే.

ఆ వారం: రోజుల లెక్కన

ఈ పద్ధతి అమెరికాల మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1960లు, 70లల్ల తయారు చేసింది, ఇప్పటికి డాక్టర్లు ఇదే చెప్తరు. కిటుకు ఒక్కటే, సంభోగం ఇద్దరు ఒప్పుకొని బంద్ పెట్టుకునుడు. చెయ్యొద్దు అని రూల్ పెట్టుకుంటే ఇగ ఫెయిల్ అయ్యేది ఏముంది, పరీక్షే లేదు. కుక్కను కట్టేసినట్టు.

మా చిన్నాయన కొడుకు, 31 ఏండ్లు, ఖతర్‌ల డ్రైవర్, రెండేండ్లకు 60 రోజుల లీవు మీద వచ్చిండు, అంతకుముందు లీవుల నాలాగే అయింది వానికి. వాడు చేసింది చెప్త, దాన్ని బట్టి మీరు చూసుకోవచ్చు.

మొదటి మూడు రాత్రులు, ముట్టుకునుడు మాత్రమే, అది గూడ ఆమె రొమ్ములు, ఇద్దరి మర్మాంగాలు వదిలేసి. వీపు, మెడ, చేతులు, తల, కాళ్ళు. ఒక పదిహేను మినిట్లు ఒకరు, పదిహేను మినిట్లు ఇంకొకరు. వానికి మొదటి రాత్రి నవ్వొచ్చిందట, ఏందిది మాలీష్ లెక్క అని. కాని రెండో రాత్రి ముట్టుకుంటుంటేనే మస్తు గట్టిపడ్డది, సహజంగనే, ఎందుకంటే దాని మీద ఎవరు కన్నేసి లేరు. ఇక్కడనే అందరు బోల్తా పడేది. "లేచింది కద, దిగకముందే పని కానిద్దాం" అని రూల్ తప్పుతరు. ఆ తొందరే మల్ల పరీక్ష, మల్ల దిగుతది, మల్ల మొదటికొస్తది. మావాడు రెండో రాత్రి తప్పబోయిండు, వాని భార్యనే "వారం అన్నవ్ కద" అని ఆపిందట. అందుకే ఆమెకు రూల్ ముందే తెల్వాలె అనేది.

నాలుగు, ఐదు రాత్రులు, ఇప్పుడు మర్మాంగాలు గూడ ముట్టుకోవచ్చు, ఇద్దరు. కాని ఇక్కడ చెయ్యాల్సిన పని ఏందంటే, గట్టిపడినంక కావాలని ఆపుడు. చెయ్యి తీసేసి, ఊకె మాట్లాడుకుంట దిగనియ్యాలె. పూర్తిగ దిగినంక మల్ల మొదలు. మల్ల లేస్తది. ఒక రాత్రిల రెండు మూడు సార్లు ఇట్ల చెయ్యాలె. ఇది చదివితే పనికిరానిది అనిపిస్తది గని మొత్తం పద్ధతిల ప్రాణం ఇదే. మన భయం అంతా "దిగితే ఇగ లేవదు" అని. దిగి లేచుడు కండ్లతోని నాలుగు సార్లు చూసినంక ఆ భయానికి బలం ఉండదు. క్యాంపుల ఆపి మొదలుపెట్టుడు ప్రాక్టీస్ చెయ్యమన్నది ఇందుకే. ఆఖరుకు చేత్తోని ఇద్దరు తృప్తి పడొచ్చు, అది బంద్ కాదు. ఆమెకు ఎట్ల మంచిగ ఉంటదో అడుగుర్రి, మగాని గట్టిదనంతోనే ఆడామె తృప్తి అనుకునుడు మన తప్పు, ఎక్కువ మంది ఆడోళ్ళకు యోని పైభాగంల బయట ఉండే చిన్న బుడిపె కాడ ముట్టుకుంటేనే తృప్తి ఐతది.

ఆరు, ఏడు రాత్రులు, భార్యనే మొగని మీద కూసోవాలె, ఆమెనే మెల్లగ లోపల పెట్టుకోవాలె, కదలకుండ ఊకె ఉండాలె ఒకటి రెండు మినిట్లు. మెత్తబడితే తీసేసి మల్ల ముట్టుకునుడుకు పోవాలె, ఏం కాదు. మావానికి ఆరో రాత్రి లోపల పెట్టినంక మెత్తబడ్డది, ఇద్దరు నవ్వుకొని పండుకున్నరు. ఏడో రాత్రి నిలిచింది, కొంచెం కదిలిండ్రు, అర మినిట్ల అయిపోయింది. ఇది గూడ మామూలే, రెండేండ్ల తర్వాత మొదటిసారి తొందరగనే ఐతది, దాన్ని జబ్బు అనుకోవద్దు. తొమ్మిదో రాత్రి మామూలుగ కల్సిండ్రు. మీకు తొమ్మిది కావొచ్చు, ఇరవై కావొచ్చు, ఏ మెట్టు కాడ భయం పుడితే దాని కింది మెట్టుకు దిగి రెండు రాత్రులు అక్కడనే ఉండాలె.

ఆమె ఒంటి సంగతి ఒకటి. రెండేండ్లు కలవని ఆడామెకు గూడ భయం ఉంటది, తడి రాదు, నొప్పి ఐతది. నొప్పితోని ఆమె మొఖం ముడిస్తే మనకు లేచింది గూడ దిగుతది. మెడికల్ షాపుల నీటితోని చేసిన లూబ్రికెంట్ జెల్లీ దొరుకుతది, అది రాసుకోవాలె. కండోమ్ వాడేటోళ్ళు కొబ్బరినూనె రాయొద్దు, నూనెకు రబ్బరు చినుగుతది. కండోమ్ తొడుగుతుంటేనే దిగిపోతే ఒక్కరే ఉన్నప్పుడు నాలుగు సార్లు తొడిగి అలవాటు చేసుకోవాలె.

పిల్లలు కావాలె అని లీవు పెట్టి వచ్చినోళ్ళకు

వీళ్ళ భయం వేరే లెవెల్. అత్తమ్మ, అమ్మ ఇద్దరు తారీఖులు లెక్కపెడుతుంటరు, "ఈ లీవుల ఐనా" అంటరు. గర్భం నిలిచే రోజులు నెలకు ఆరే, అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. 28 రోజులకు సరిగ్గ నెల తప్పకుండ వచ్చేటామెకు బయటైన మొదటి రోజు నుంచి లెక్క పెడితే దగ్గర దగ్గర 9 నుంచి 14వ రోజు. దీన్ని "ఇయ్యాల రాత్రే" అని ఒక్క రోజుకు బిగిస్తే ఆ రాత్రి లేవదు. వీర్యం లోపల ఐదు రోజుల దాక బతుకుతది కాబట్టి ఒక రోజు ఇడిసి ఒక రోజు కలిసినా చాలు. టికెట్ తీసుకునేటప్పుడే ఆమె డేట్ అడిగి, ఆ రోజులు వచ్చిన పది పన్నెండు రోజులకు పడేటట్టు చూసుకుంటే ముందు వారం నిమ్మళంగ ఈ పద్ధతికి దొరుకుతది.

గోళీ వాడొచ్చునా

వాడొచ్చు, డాక్టర్ రాసిస్తే. సిల్డెనాఫిల్ అని ఉంటది, మామూలుగ 50 మిల్లీగ్రాములు, కొందరికి 25తోని మొదలుపెడ్తరు, గంట ముందు వేసుకోవాలె, రోజుకు ఒక్కసారి కన్న ఎక్కువ వద్దు. మటన్ బిర్యాని తిని వేసుకుంటే లేటుగ పనిచేస్తది, చాలమంది గోళీ పనిచెయ్యలే అనేది అందుకే. ఇంకోటి, వేసుకొని ఊకె కూసుంటే లేవదు, ముట్టుకునుడు, కోరిక ఉండాలె. భయం మరీ ఎక్కువున్న వాళ్ళకు మొదటి నాలుగైదు సార్లకు డాక్టర్ ఇస్తడు, ధైర్యం వచ్చినంక తగ్గిస్తడు. తలనొప్పి, మొఖం వేడెక్కుడు, ముక్కు బిగుసుడు ఐతయి, పోతయి.

కాని గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేటోళ్ళు ఇది ముట్టుకోనే వద్దు, రెండు కలిస్తే బీపీ ఒక్కసారిగ పడిపోయి ప్రాణం పోవచ్చు. గోళీ వేసుకున్న రోజు ఛాతి నొప్పి వస్తే సిగ్గుపడకుండ దవాఖానల ఫలానా గోళీ వేసుకున్న అని మొదటి మాటగ చెప్పాలె. నాలుగు గంటలైనా గట్టిదనం దిగకపోతే, నొప్పి ఉన్నా లేకున్నా, అది ఎమర్జెన్సీ, తెల్లారేదాక ఆగొద్దు.

లాడ్జి డాక్టర్ల సంగతి. గోడల మీద పోస్టర్లు, నెలకు రెండు తారీఖులు, "నరాల బలహీనత" అని ఒక్కటే జబ్బు అందరికి. నాకు ఇచ్చిన పొడిల ఒకటి వేసుకున్న రోజు మొఖం ఎర్రగై తలనొప్పి వచ్చి మస్తు లేచింది, అప్పుడు ఆయుర్వేదం గొప్పది అనుకున్న, తర్వాత మా సైకియాట్రిస్ట్ విని నవ్విండు, అందుల సిల్డెనాఫిలే కలిపి ఉంటరు, ఎంత కలిపిండ్రో వానికే తెల్వదు అన్నడు. 20 రూపాయల గోళీ 18 వేలకు.

ఇంకోటి, తొందరగ అయిపోకుండ ఉంటదని ట్రమడాల్ అనే నొప్పి గోళీలు వేసుకునేటోళ్ళున్నరు. అలవాటు పడితే ఇడువదు, అట్ల ఇడువక బ్యాగుల వేసుకొని పోతే గల్ఫ్ దేశాల్ల అది మత్తుమందు లెక్కల కంట్రోల్ ఉన్న మందు, చీటీ, పర్మిషన్ లేకుండ దొరికితే జైలు. ఇంటికాడ ఎవరైనా "ఫలానాయనకు ఇవ్వు" అని గోళీల పొట్లం ఇస్తే గూడ విప్పి చూడకుండ తీసుకోవద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

మూడు వారాలు ఈ పద్ధతి సరిగ్గ చేసినా మారకపోతే, పొద్దుగాల లేవుడు బంద్ అయి ఉంటే, కోరికనే చచ్చిపోతే, అంగం వంకరై నొప్పి ఉంటే, ఇవన్ని డాక్టర్ పనే. షుగరు, బీపీ అనుమానం ఉంటే ఫిజిషియన్, ఒంట్ల ఇంకేదన్నా ఉంటే యూరాలజిస్ట్, భయం సంగతైతే సైకియాట్రిస్ట్. సైకియాట్రిస్ట్ అంటే పిచ్చి డాక్టర్ అని భయపడ్డ నేను గూడ, మన దగ్గర ఈ సమస్యలు ఎక్కువ చూసేది వాళ్ళే. ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కామారెడ్డి దిక్కు గూడ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి, ఓపీల అడగొచ్చు. అంత దూరం వద్దనుకుంటే 14416 టెలి మానస్, ఫ్రీ, తెలుగుల మాట్లాడుతరు, పేరు చెప్పే పని లేదు. వీలైతే భార్యను గూడ తీసుకపోవాలె, మా డాక్టర్ నా ఒక్కనితోని ఇరవై మినిట్లు మాట్లాడి ఆమెతోని అర్ధగంట మాట్లాడిండు.

కొందరి భయం వెనుక ఇంకో సంగతి ఉంటది, అక్కడ ఎవరి దగ్గరికో పోయి వచ్చి ఉంటరు, ఆమెకు ఏమన్నా అంటుతదా అనే దిగులుకు లేవదు. దీనికి గోళీ, పద్ధతి ఏది పనిచెయ్యది, టెస్టే. జిల్లా దవాఖానల ఐసీటీసీ సెంటర్ల హెచ్‌ఐవీ టెస్టు ఫ్రీ, బయటికి చెప్పరు, 1097కు ఫోన్ చేసినా చెప్తరు. ఆ సంగతి జరిగి మూడు నెలలు దాటినంక చేసిన టెస్టుల ఏం లేదని వస్తే నమ్మొచ్చు, అప్పటిదాక కండోమ్. సుఖవ్యాధుల టెస్టు గూడ అదే రోజు అడుగుర్రి.

లీవు అయిపోవస్తున్నప్పుడు

ఆఖరు వారంల మల్ల తగ్గుతది చాలమందికి, అప్పటిదాక మంచిగున్నోళ్ళకు గూడ. పోవుడు దిగులు, అప్పు, సూట్‌కేస్, అమ్మ ఏడుపు. అది మల్ల మొదలైంది అనుకొని గాబరాపడి ఆఖరు రాత్రి గట్టిగ ప్రయత్నం చేసి ఫెయిలై ఫ్లైట్ ఎక్కినోడు రెండేండ్లు ఆ ఒక్క రాత్రినే తలుసుకుంటడు, నేను తలుసుకున్న. అందుకే మేము మూడో లీవు నుంచి ఆఖరు రెండు రాత్రులు మల్ల బంద్ పెట్టుకున్నం, మొదటి వారం లెక్కనే. ఆ రాత్రి ఆమె నాకు తలకు నూనె రాసింది, బిడ్డ మా ఇద్దరి నడుమనే పండుకుంది, నాలుగింటికి బండి వచ్చింది.